అమ్మకు కాపలా కాస్తున్న తొమ్మిదేళ్ల పాప

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ఆర్టీసీలో డ్రైవర్‌ని. నా భార్యకు డిప్రెషన్ వచ్చి ఎనిమిది నెలలైంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు మూడు వారాలు వేసుకుని, మగతగా ఉంటోందని మానేసింది. ఎక్కువసేపు పడుకునే ఉంటుంది, లేదంటే పిల్లల మీద అరిచి తర్వాత ఏడుస్తుంది. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బాబుకు నాలుగేళ్లు. నేను నైటవుట్ డ్యూటీకి వెళ్లిన మర్నాడు పాప కడుపునొప్పి అని బడికి పోదు. పరీక్షలన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. ఆడుకోవడం మానేసింది. రాత్రిపూట లేచి వాళ్లమ్మ పక్కన కూర్చుంటోంది. మొన్న ‘నేను అల్లరి చేయకుండా ఉంటే అమ్మ లేస్తుందా నాన్నా’ అనడిగింది. పిల్లలకు ఇవన్నీ చెప్పొద్దని మా అమ్మ అంటుంది. వచ్చే ఏడు పాపను గురుకులంలో వేసేయమని చుట్టాలు అంటున్నారు. పాపకు కూడా ఈ జబ్బు వస్తుందా? ఏం చేయమంటారు?

సమాధానం: పాప సంగతికి వచ్చేముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. మీ భార్యతో ఒంటరిగా కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న మాటను ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువగా కనిపిస్తుంది. అవునంటే రెండో ప్రశ్న కూడా అడగాలి: ‘మరి పిల్లల గురించి ఏమనిపిస్తోంది?’ ‘వాళ్లను చూసే ఆగుతున్నా’ అంటే చికిత్సను ఆలస్యం చేయకూడదని అర్థం, ఒకట్రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘నేను లేకపోతే వాళ్లకు దిక్కెవరు, వాళ్లనీ తీసుకుపోతా’ అన్నా, ‘నాలాంటి తల్లి ఉండటం కంటే వాళ్లు లేకపోవడమే మేలు’ అన్నా అది ఇక ఇంట్లో చూసుకునే విషయం కాదు. ఆ పూట డ్యూటీకి వెళ్లకండి, పిల్లలను ఆమె దగ్గర ఒంటరిగా వదలకండి, వెంటనే మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రేమ లేక అనే మాట కాదది. జబ్బు ముదిరినప్పుడు బిడ్డల్ని కాపాడాలన్న తపనే ఆ రూపం తీసుకుంటుంది. ఆమెను తిట్టకండి, ఒట్లు వేయించుకుని ఊరుకోకండి.

ఆమె ఏం చెప్పినా, చెప్పకపోయినా ఇంట్లో పురుగుల మందు ఉంటే ఇవాళే తీసేయండి. పత్తి, మిర్చి చేలున్న కుటుంబాల్లో సగం వాడిన డబ్బా ఏ అటక మీదో, బాత్‌రూమ్ మూలనో ఉండిపోవడం మామూలే. దాన్ని వేరే చోట తాళం వేసి పెట్టాలి. మాత్రలు కూడా వారానికి సరిపడానే ఇంట్లో ఉంచి, మిగతావి మీ దగ్గరో మీ అమ్మగారి దగ్గరో పెట్టండి. రాత్రి పన్నెండింటికైనా ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, ఆమె మాట్లాడనంటే మీరైనా అడగొచ్చు. ఆపద ముంచుకొచ్చినట్టుంటే 108 లేదా 112.

ఇక పాప. ఆ కడుపునొప్పి నాటకం కాదు. భయానికి పేగులు బిగుసుకుంటాయి, నొప్పి నిజంగానే ఉంటుంది. బరువు తగ్గడం, జ్వరం, వాంతులు, నొప్పికి రాత్రి నిద్రలోంచి లేవడం, విరేచనంలో రక్తం ఉంటే మళ్లీ పిల్లల డాక్టరుకు చూపించాలి. అవేవీ లేకుండా మీ నైటవుట్ మర్నాడే నొప్పి వస్తోందంటే అది ఎక్కడి నుంచి వస్తోందో ఆ వరసే చెబుతోంది. నాన్న లేని రాత్రి అమ్మను చూసుకోవాల్సింది తనేనని ఆ బిడ్డ అనుకుంటోంది. రాత్రి లేచి పక్కన కూర్చునే పిల్లల్లో చాలామంది అమ్మ గుండె పైకీ కిందకీ కదులుతోందా లేదా అని చీకట్లో చూస్తుంటారు. తెల్లారాక బడికి వెళ్లమంటే కాపలా వదిలి పొమ్మన్నట్టు ఉంటుంది వాళ్లకు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాప ఇంట్లో ఉండిపోయిన రోజు అమ్మకు ఏమీ కాదు, కాబట్టి పదింటికల్లా కడుపునొప్పి తగ్గిపోతుంది. దాంతో ‘నేను ఉన్నాను కాబట్టే అమ్మ బాగుంది’ అని ఆ చిన్న బుర్ర లెక్క వేసుకుంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ ఆ లెక్కను గట్టిపరుస్తుంది. అందుకే బడి మాన్పించి విశ్రాంతినివ్వడం జాలిగా కనిపించినా జబ్బు పెంచుతుంది. కొట్టి పంపడం అంతకన్నా చెడ్డది. కాపలా బాధ్యతను కళ్లెదుట ఇంకొకరి చేతిలో పెడితేనే పాప బడికి కదులుతుంది.

అది చేసే పద్ధతి చెబుతాను. ముందు రెండు రోజులు పాప చేసే పనులన్నీ గమనించి ఒక కాగితం మీద రాయండి. తమ్ముడికి పాలు కలపడం, అన్నం పెట్టుకోవడం, గ్యాస్ కట్టేసిందో లేదో చూడటం, ‘అమ్మ పడుకుంది’ అని వచ్చినవాళ్లకు చెప్పి పంపేయడం, అమ్మ ఏడుస్తుంటే తమ్ముణ్ణి బయటికి తీసుకుపోవడం, రాత్రి లేచి చూడటం… మీరు ఊహించినదానికంటే ఆ జాబితా పొడవుగా ఉంటుంది. ఇందులో ఏది సాయం, ఏది భారం అన్నది విడదీయాలి. గిన్నెలు సర్దడం, తమ్ముడికి బొమ్మలు తీసివ్వడం సాయమే. అలాంటి పనికి ఒక ముగింపు ఉంటుంది, చేయకపోయినా కొంప మునగదు. అమ్మ మాత్ర మింగిందో లేదో చూడటం, అమ్మ మూడ్ కనిపెట్టి మసలుకోవడం, రాత్రి మేలుకుని ఉండటం భారం. ‘నేను చేయకపోతే ఏదో జరుగుతుంది’ అని పిల్లలు భయపడే పని ఎంత చిన్నదైనా వాళ్లది కాకూడదు. సాయం చేసే పనులు ఒకటో రెండో పాపకే ఉంచండి. అన్నీ లాక్కుంటే తను పనికిరానిదాన్నని అనుకుంటుంది. భారమైన ప్రతి పనికీ ఎదురుగా ఒక పెద్దవాళ్ల పేరు రాయండి.

నైటవుట్ రాత్రులకు మీ అమ్మగారు వచ్చి ఉండగలరా? లేదంటే మీ భార్య చెల్లెలో, పక్కింటి పెద్దావిడో? డిపోలో మాట్లాడి ఒక రెండు మూడు నెలలు పగటి డ్యూటీలు వేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఎవరు కుదిరినా ఆ పేరు పాపకు ముందే తెలియాలి. గోడ మీద క్యాలెండర్‌లో మీ నైటవుట్ తేదీల కింద ‘నానమ్మ’, ‘పిన్ని’ అని పాప చేతే రాయించండి. పడుకునే ముందు ఆ మనిషే పాపతో చెప్పాలి: ‘ఈ రాత్రి అమ్మను చూసుకునే డ్యూటీ నాది. నువ్వు పడుకో. మెలకువొస్తే అమ్మ దగ్గరికి కాదు, నా దగ్గరికి రా.’ మొదటి వారం పాప లేచి వచ్చి చూస్తుంది. విసుక్కోకుండా ‘చూశావుగా, నేను మేలుకునే ఉన్నా, పద’ అని మళ్లీ పడుకోబెట్టాలి. నానమ్మ నిజంగా అక్కడ ఉంటుందని నాలుగైదు రాత్రులు చూస్తేగానీ పాపకు నమ్మకం కుదరదు.

బడి విషయంలో ఒక్క టీచరుతో మాట్లాడండి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ భార్య ఇష్టం. ‘ఇంట్లో అమ్మకు ఆరోగ్యం బాగాలేదు, పాప దాని గురించి దిగులు పడుతోంది’ అంటే చాలు. రోజుకు ఒక్కసారి, మధ్యాహ్న భోజనం వేళ, ఆఫీసు ఫోను నుంచి ఇంటికి మాట్లాడనివ్వమని అడగండి. ఎప్పుడంటే అప్పుడు చేయనిస్తే ప్రతి గంటకూ చేయాలనిపిస్తుంది, భయం పెరుగుతుంది. వేళ తెలిసి ఉంటే అప్పటిదాకా ఓర్చుకోగలదు. ఫోను ఎత్తిన పెద్దవాళ్లు ‘అమ్మ రెండు ముద్దలు తింది, పడుకుంది, నేను ఇక్కడే ఉన్నా’ అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘అమ్మ చాలా బాగుంది’ అని అబద్ధం చెబితే సాయంత్రం ఇంటికొచ్చాక దొరికిపోతారు, మర్నాటి నుంచి ఆ ఫోనుకు విలువ ఉండదు. నొప్పి ఎక్కువగా ఉందన్న రోజు కూడా మధ్యాహ్నం వరకైనా పంపండి. జ్వరం, వాంతులు లేకపోతే మొత్తం రోజు మాన్పించకండి.

మీ అమ్మగారి మాటకు వద్దాం. ఆవిడ ఉద్దేశం మంచిదే. కానీ పాపకు ఇప్పటికే అంతా తెలుసు, పేరొక్కటే తెలియదు. ఆ ఖాళీని పిల్లలు తమకు తోచిన కారణంతో నింపుకుంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో వాళ్లకు తోచే కారణం దాదాపు ఎప్పుడూ తామే. ‘నేను అల్లరి చేయకుండా ఉంటే అమ్మ లేస్తుందా’ అన్న ప్రశ్న అదే. చెప్పకుండా ఉంచితే ఆ అపోహ అలాగే ఉండిపోతుంది. తల్లిదండ్రుల డిప్రెషన్ గురించి కుటుంబమంతా కలిసి మాట్లాడుకునేలా అమెరికాలోని బోస్టన్‌లో విలియం బియర్డ్‌స్లీ అనే వైద్యుడు, ఆ తర్వాత ఫిన్లాండ్‌లో టుట్టి సొలాంటౌస్ పద్ధతులు తయారుచేశారు. వాటి సారం ఇంట్లో కూడా ఆచరించవచ్చు.

మొదట మీ భార్యతో మాట్లాడండి. ఆమెకు తెలియకుండా పిల్లలకు చెబితే ‘నన్ను పిచ్చిదాన్ని చేశారు’ అనిపిస్తుంది. ఏ మాట వాడాలో ఆమెనే అడగండి. డిప్రెషన్ అనొచ్చు, ‘దిగులు జబ్బు’ అనొచ్చు. ‘మనసు బాగోలేదు’ అని ఊరుకోవడం మాత్రం వద్దు. మనసు బాగు చేయాల్సింది తానేనేమో అని పాప అనుకుంటుంది. ఆమె కూర్చోగలిగితే కూర్చోవాలి, ఒక్క వాక్యం మాట్లాడినా చాలు. మీకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు పగటిపూట, పది నిమిషాలు. పడుకునే ముందు వద్దు, మీరు డ్యూటీకి బయల్దేరుతూ అసలే వద్దు.

చెప్పడానికి ముందు అడగండి: ‘అమ్మ ఎందుకు పడుకుని ఉంటోందని అనుకుంటున్నావు?’ పాప ఏ తప్పు తన మీద వేసుకుందో ఆ జవాబులో ఉంటుంది. మీరు సరిచేయాల్సింది దాన్నే. తర్వాత ఇలా చెప్పొచ్చు: ‘అమ్మకు డిప్రెషన్ అనే జబ్బు వచ్చింది. అది మెదడుకు వచ్చే జబ్బు. జ్వరమొస్తే ఒళ్లు కాలినట్టు, ఈ జబ్బు వస్తే ఒంట్లో సత్తువ ఉండదు, ఏడుపొస్తుంది, కోపమొస్తుంది, ఆకలి వేయదు. అమ్మ నీ మీద అరిచింది కదా, అది జబ్బు వల్ల వచ్చిన కోపం. నువ్వు అల్లరి చేసినందుకు ఈ జబ్బు రాలేదు. నువ్వు బుద్ధిగా ఉంటే పోదు కూడా. దీన్ని తగ్గించే పని డాక్టరుది. అమ్మను చూసుకునే పని నాది, నానమ్మది. నీ పని బడికి వెళ్లడం, ఆడుకోవడం.’ అమ్మ చెప్పగలిగితే ఒకే మాట: ‘నేను నవ్వకపోయినా నువ్వంటే నాకు ఇష్టమేరా.’

పాప అడిగే మొదటి ప్రశ్న ‘నీకూ వస్తుందా నాన్నా?’ కావచ్చు. జలుబులా అంటుకునేది కాదని చెప్పండి. ‘అమ్మ చచ్చిపోతుందా?’ అని అడిగితే ఉలిక్కిపడకండి, ‘ఛీ, అలా అనకూడదు’ అని నోరు మూయించకండి. ‘అమ్మకు అలా కాకూడదనే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అమ్మ అలాంటి మాట ఎప్పుడైనా అంటే, లేక నీకు భయమేస్తే, వెంటనే నాకో నానమ్మకో చెప్పు. చెబితే ఎవరూ తిట్టరు’ అనండి. మీ ఫోన్ నంబర్లు పెద్ద అంకెల్లో రాసి ఫ్రిజ్‌కో తలుపుకో అంటించండి. ‘వచ్చే వారానికి అమ్మ మామూలైపోతుంది’ అని మాత్రం చెప్పకండి. వారం తిరిగేసరికి పాప మళ్లీ తనలోనే తప్పు వెతుక్కుంటుంది. ఇది ఒక్కసారితో అయిపోయే మాట కాదు. రెండు మూడు వారాలకోసారి, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పుడల్లా, ‘ఇంకేమైనా అడగాలని ఉందా?’ అని కదపండి.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే ఒక మాట ఆపించాలి: ‘పిల్లల మొహం చూసైనా లేవవే.’ విన్న తల్లికి అది లేవలేనితనం మీద ఇంకో తప్పు మోపినట్టు ఉంటుంది. పక్కన ఉన్న పాపకేమో ‘నా మొహం చూసి కూడా అమ్మ లేవలేదు’ అని అర్థమవుతుంది.

బాబుకు మాటలతో చెప్పి లాభం లేదు, నాలుగేళ్లవాడికి ‘అమ్మకు బాలేదు, నాన్న అన్నం పెడతాడు’ చాలు. వాడికి కావలసింది వేరే. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని నెలల పసిబిడ్డతో తల్లి నవ్వుతూ ఆడుతుంది, తర్వాత ఒకట్రెండు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేకలేస్తుంది, ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పేసుకుని కుంగిపోతుంది. డిప్రెషన్ ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ రెండు నిమిషాలు నెలల తరబడి సాగినట్టు ఉంటుంది. వాళ్లు పిలిస్తే పలికే మొహం ఇంకొకటి ఇంట్లో ఉంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. అందుకని రోజుకు ఒక అరగంట, టీవీ, ఫోను లేకుండా, మీరో నానమ్మో వాడి పక్కన నేల మీద కూర్చోండి. వాడు కారు తోస్తే ‘అబ్బో, కారు మంచం కిందికి పోయిందే’ అని వాడు చేసేదాన్నే మాటల్లో చెబుతూ ఉండండి, నేర్పించాలని చూడకండి. అంగన్‌వాడీకి పంపుతుంటే మానకుండా పంపండి. మీ భార్య నుంచి పెద్ద ఆటలు ఆశించొద్దు. పడుకునే ఉన్నా పక్కన వాణ్ణి కూర్చోబెట్టుకుని అయిదు నిమిషాలు బొమ్మల పుస్తకం తిరగేస్తే అది ఆమె చేయగలిగే పని. వాడు మళ్లీ పక్క తడపడం, మాటలు తగ్గడం మొదలైతే డాక్టరుకు చెప్పండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చికిత్స పనిచేసేలోపు పిల్లలను నిలబెట్టుకునే ఏర్పాట్లు. అసలు మందు మీ భార్య కోలుకోవడం. ఇది ఓదార్పుకు చెప్పే మాట కాదు. అమెరికాలో డిప్రెషన్‌కు చికిత్స పొందుతున్న తల్లులనూ, వాళ్ల పిల్లలనూ కలిపి పరిశీలించిన అధ్యయనం 2006లో వచ్చింది. మొదట్లోనే ఏదో ఒక మానసిక సమస్య ఉన్న పిల్లలను చూస్తే, మూడు నెలల్లో తల్లి పూర్తిగా కోలుకున్న ఇళ్లలో 33 శాతం మంది ఆ సమస్య నుంచి బయటపడ్డారు. తల్లి కోలుకోని ఇళ్లలో 12 శాతం మందే. పిల్లలకు విడిగా ఏ చికిత్సా ఆ అధ్యయనంలో భాగం కాదు. తల్లికి కొంచెం తగ్గితే చాలదని కూడా అందులో తేలింది, లక్షణాలు కనీసం సగానికి తగ్గితేగానీ పిల్లల్లో మార్పు కనబడలేదు.

మీ భార్య మాత్రలు ఆపేసిన సమయం చూడండి, మూడు వారాలు. ఈ మందుల మగత, వికారం లాంటి ఇబ్బందులు మొదటి రోజుల్లోనే వస్తాయి, చాలామందికి ఒకట్రెండు వారాల్లో తగ్గుతాయి. గుణం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలై, పనిచేసిందో లేదో తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే కష్టమంతా అనుభవించి, ఫలితం మొదలయ్యే చోట ఆగిపోయారు. పాత చీటీ చూసి మీరే మళ్లీ మొదలుపెట్టించకండి. డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లి మూడు మాటలు చెప్పండి: ఎన్ని రోజులు వాడింది, మగత ఏ వేళలో ఎంతసేపు ఉండేది, ఎందుకు ఆపింది. మోతాదు తగ్గించి మెల్లగా పెంచడం, రాత్రికి మార్చడం, మగత తక్కువగా ఉండే మందు ఇవ్వడం, ఇవన్నీ వీలయ్యేవే. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ఇంతకుముందు కాకపోతే అడగండి, ఆ రెండూ నీరసాన్ని పెంచుతాయి. మందుతో పాటు కౌన్సెలింగ్ దొరికితే ఇంకా మేలు.

ఎంత తగ్గిందో తెలియడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటుంది, PHQ-9 అంటారు. మార్కు సున్నా నుంచి 27 వరకు ఉంటుంది. 10 లేదా అంతకంటే ఎక్కువైతే చికిత్స అవసరమయ్యే స్థాయి, 5 కంటే తక్కువకు వస్తే కోలుకున్నట్టు. ప్రతిసారీ ఆ మార్కు రాసిపెట్టుకోండి. 18 నుంచి 11కు వస్తే ఇంట్లో అందరూ ‘బాగైపోయింది’ అనుకుంటారు, మందు ఆపేస్తారు. పిల్లల విషయంలో ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

పాపకు వస్తుందా అన్నారు. తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉన్న పిల్లలకు మామూలు పిల్లలకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ అవకాశం ఉంటుందని పదుల ఏళ్లు వెంబడించి చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. అందులో వంశం నుంచి వచ్చేది కొంత మాత్రమే. కవలల మీద చేసిన అధ్యయనాల లెక్క ప్రకారం అది మూడింట ఒక వంతుకు కొంచెం పైన. మిగతాది ఇంటి వాతావరణం, పిల్లల మీద పడే ఒత్తిడి, ఆదుకునేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాని మీద ఉంటుంది. మీరు మార్చగలిగేది ఆ భాగమే, అదే పెద్దది. ఎక్కువ కనిపెట్టి చూసుకోవాల్సింది పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక. ఆ వయసు పిల్లలకు దిగులు ఆలోచనలను ఎదుర్కోవడం నేర్పే తరగతులు వారానికొకటి చొప్పున ఎనిమిది, తర్వాత నెలకొకటి చొప్పున ఆరు పెట్టి చూశారు. జబ్బు వచ్చినవాళ్లు తగ్గారు. కానీ అమ్మానాన్నల్లో ఒకరికి ఆ సమయంలో డిప్రెషన్ నడుస్తున్న ఇళ్లలో ఆ తరగతులు మామూలు వైద్యం కంటే మెరుగ్గా పనిచేయలేదు. పిల్లను ఎంత తయారుచేసినా ముందు తల్లికి వైద్యం జరగాల్సిందే.

గురుకులం సంగతి కూడా ఇందులోంచే తేలుతుంది. ఇప్పుడు పంపితే పాప కాపలా ఆగదు, దూరం నుంచి చేస్తుంది. చూసే వీలు లేదు కాబట్టి భయం ఇంకా ఎక్కువవుతుంది. పైగా ‘నా వల్లే అమ్మకు జబ్బు, అందుకే నన్ను పంపేశారు’ అని తేల్చుకుంటుంది. చదువు కోసం గురుకులం మంచిదనుకుంటే అమ్మ కోలుకున్నాక, పాప ఇష్టంతో ఆలోచించండి. పైన చెప్పిన ప్రమాదం ఉన్నప్పుడు, లేదా ఇంట్లో తోడుండే పెద్దవాళ్లు ఎవరూ దొరకనప్పుడు మాత్రం కొన్ని వారాలు అమ్మమ్మ ఇంట్లోనో నానమ్మ ఇంట్లోనో ఉంచాల్సి వస్తుంది. అప్పుడు అక్కాతమ్ముళ్లను విడదీయకండి. ఎప్పుడు వచ్చి చూస్తారో తేదీ చెప్పండి, రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి.

ఈ ఏర్పాట్లతో మూడు, నాలుగు వారాల్లో పాప నిద్రా బడీ దారిన పడాలి. అలా కాకుండా రెండు వారాలు వరసగా దిగాలుగా ఉన్నా, అన్నం తగ్గినా, ఏ ఆటా నచ్చకపోయినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి అన్నా పాపకు విడిగా పిల్లల మానసిక వైద్యులను కలవాలి. ఆ చివరి మాటకైతే రెండు వారాలు ఆగొద్దు.

కోలుకునే దారిలో మిమ్మల్ని కంగారుపెట్టేది ఒకటి ఎదురవుతుంది. అమ్మ లేచి తిరగడం మొదలెట్టాక, ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న పాప అల్లరి మొదలుపెడుతుంది. తమ్ముణ్ణి గిల్లుతుంది, అమ్మ మీదే ఎదురు తిరిగి ‘నువ్వు నా పుట్టినరోజుకు కూడా లేవలేదు’ అని ఏడుస్తుంది. కాపలా దిగిపోయిందనడానికి అది గుర్తు. ‘అమ్మకు ఇప్పుడిప్పుడే తగ్గుతుంటే మళ్లీ ఏడిపిస్తావా’ అని మీ ఇంట్లో ఎవరో ఒకరు గదమాయిస్తారు, ఆ మాట రానివ్వకండి. మీ భార్యను ముందే సిద్ధం చేయండి. సంజాయిషీ చెప్పక్కర్లేదు, ఏడవక్కర్లేదు. ‘అవునమ్మా, లేవలేకపోయాను, నీకు బాధగా ఉండి ఉంటుంది’ అని పాపను దగ్గరికి తీసుకుంటే సరిపోతుంది.